నాన్నగారి చెయ్యి ఎప్పుడు వణుకుతోంది?

తెనాలిలో ఉంటున్న ఆ తండ్రికి 68 ఏళ్లు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కూతురు సంక్రాంతికి ఇంటికి వచ్చి నాలుగు రోజులు ఆయన్ని గమనించింది. ఆసుపత్రికి తీసుకెళ్లే ముందురోజు ఫ్యామిలీ డాక్టరుకు ఒక ఉత్తరం రాసి పంపింది. ఇలాంటి ఇళ్లలో తరచూ జరిగే సంగతులను ఒకచోట కూర్చిన నమూనా ఇది. ఇందులోని మనుషులు కల్పితం, వైద్యం మాత్రం ఉన్నది ఉన్నట్టు. ఉత్తరం ఇలా సాగింది.

“డాక్టరు గారికి నమస్కారం. రేపు సాయంత్రం నాన్నగారిని మీ దగ్గరకు తీసుకొస్తున్నాను. మీ ఎదురుగా కూర్చుంటే ‘నాకేం లేదండీ, వయసు కదా’ అనేస్తారు. అందుకే ఇంట్లో నేను చూసినవి ముందే రాస్తున్నాను.

చేతులు వణుకుతున్నాయి, కుడి చెయ్యి ఎక్కువ. ఒళ్లో చెయ్యి పెట్టుకుని టీవీ చూస్తున్నప్పుడు బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి రాసుకుంటున్నట్టు కదులుతున్నాయి. కాఫీ గ్లాసు అందుకోగానే ఆగిపోతోంది, కాఫీ ఒలకడం లేదు. నిద్రలో ఉండదు. ఎవరితోనైనా వాదన పడితే ఎక్కువవుతుంది. దసరాకి నేను వచ్చినప్పుడు ఇది లేదు. దీపావళి దాటాక మొదలైందని అమ్మ అంటోంది.

నడక బాగా తగ్గింది. రామాలయానికి పది నిమిషాల్లో వెళ్లే మనిషికి ఇప్పుడు ఇరవై నిమిషాలు పడుతోంది. అడుగులు చిన్నవయ్యాయి, చెప్పులు ఈడుస్తున్న చప్పుడు వస్తోంది. నడుస్తుంటే చేతులు రెండూ ఊగడం లేదు. వెనక్కి తిరగడానికి నాలుగైదు అడుగులు వేస్తున్నారు. ఇంతవరకూ పడలేదు. చొక్కా గుండీలకు చాలాసేపు పడుతోంది. సంతకం చిన్నదైపోయింది.

వాసన బాగానే తెలుస్తోంది. వంటింట్లో ఇంగువ తాలింపు వేస్తే హాల్లోంచే చెబుతున్నారు. నిద్రలో అరవడం, కాళ్లు విసరడం లేవని అమ్మ చెప్పింది. మతిమరుపు లేదు. మూత్రం ఆపుకోగలుగుతున్నారు. మావాళ్లలో ఎవరికీ ఇలాంటి వణుకు లేదు.

షుగరుకు, బీపీకి మీరు రాసిన మందులే ఏళ్లుగా వాడుతున్నారు. ఆగస్టులో కడుపుబ్బరమంటే వేరేచోట ఒక గ్యాస్ క్యాప్సూల్ రాశారు. పరగడుపున వేసుకుంటున్నారు, ఇంకా ఆపలేదు. సెప్టెంబరులో తల తిరుగుతోందంటే ఇంకొకరు రాత్రిపూట ఒక మాత్ర రాశారు. అదీ నడుస్తోంది. రెండు అట్టల ఫొటోలు, నడక వీడియో పంపుతున్నాను.

ఇది పార్కిన్సన్సేమోనని భయంగా ఉంది.”

కూతుర్ని భయపెట్టింది చివరి వాక్యం. డాక్టరు కళ్లు ఆగింది మాత్రం అంతకు ముందరి పేరా దగ్గర. ఎందుకో అర్థం కావాలంటే ఈ ఉత్తరాన్ని ఆయన చదివిన వరుసలోనే మనమూ చదవాలి.

చెయ్యి ఊరికే ఉన్నప్పుడా, పని చేస్తున్నప్పుడా?

చెయ్యి వణుకుతోందని చెబితే డాక్టరుకు తెలిసేది తక్కువ. ఎప్పుడు వణుకుతోందో చెబితే సగం దారి దొరికినట్టే. కొందరికి గ్లాసు ఎత్తినప్పుడు, సంతకం పెట్టేటప్పుడు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు చెయ్యి వణుకుతుంది. ఒళ్లో పెట్టుకుంటే నిమ్మళంగా ఉంటుంది. ఇలాంటి వణుకు సాధారణంగా రెండు చేతులకూ వస్తుంది, ఒక్కోసారి తల, గొంతు కూడా వణుకుతాయి. తండ్రికో, మేనత్తకో ఇలాగే ఉండేదని చాలా ఇళ్లలో చెబుతారు. దీన్ని డాక్టర్లు ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. ఇది పార్కిన్సన్స్ కంటే ఎక్కువమందిలో కనిపిస్తుంది. ఇందులో నడక మందగించదు.

పార్కిన్సన్స్ తరహా వణుకు దీనికి ఎదురు. చెయ్యి ఏ పనీ లేకుండా ఉన్నప్పుడు వస్తుంది, పనిలో పడగానే తగ్గుతుంది. సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మాత్ర చుడుతున్నట్టు కదలిక ఉంటుంది. మనసు మీద ఒత్తిడి పడినా, నడుస్తున్నా ఎక్కువవుతుంది. నిద్రపోగానే పోతుంది. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బు గురించి రాసిన చిన్న పుస్తకానికి ఆధారం ఆరుగురు మనుషులు. వారిలో కొందరిని ఆయన వీధిలో చూసి గమనించారు. స్కానింగులు, రక్తపరీక్షలు లేని కాలం అది. మనిషి ఎలా కూర్చున్నాడు, ఎలా నడిచాడు అని కళ్లతో చూసి రాసినదే ఆ వైద్యానికి మొదలు. ఇప్పటికీ నిర్ధారణకు మూలం అదే.

కాబట్టి గ్లాసు అందుకోగానే వణుకు ఆగుతోందన్న కూతురి మాట చాలా విలువైనది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, ఆయాసానికి వాడే కొన్ని మందుల వల్లా చేతులు సన్నగా, వేగంగా వణుకుతాయి. అయితే ఆ వణుకు చేతులు ముందుకు చాపినప్పుడు కనిపిస్తుంది. ఈయన వణుకు ఆ కోవకు చెందదని డాక్టరుకు రోగిని చూడకముందే అనిపించింది.

మోకాళ్ల నొప్పి నడక వేరు, ఈ నడక వేరు

వయసు మీద పడితే నడక తగ్గుతుంది, నిజమే. కానీ ఏడాదికేడాది నెమ్మదిగా తగ్గుతుంది. దసరాకి మామూలుగా నడిచిన మనిషి సంక్రాంతికి సగం వేగానికి పడిపోతే దాన్ని వయసు ఖాతాలో వేయకూడదు. మోకాళ్లు అరిగినవారు కుంటుతూ నడుస్తారు, నొప్పి అని చెబుతారు, వారి చేతులు మాత్రం మామూలుగానే ఊగుతాయి. ఈయనకు నొప్పి లేదు. అడుగు చిన్నదైంది, చేతుల ఊపు ఆగింది, తిరగడానికి నాలుగైదు అడుగులు కావాల్సి వస్తోంది. గుండీలు, సంతకం కూడా ఇదే కథ చెబుతున్నాయి. కాళ్లొక్కటే కాదు, ఒంట్లో కదలిక మొత్తం నెమ్మదించింది.

మర్నాడు సాయంత్రం డాక్టరు దీన్నే పరీక్షించారు. బొటనవేలితో చూపుడువేలిని వీలైనంత వెడల్పుగా, వేగంగా తట్టమన్నారు. మాస్టారు మొదటి నాలుగైదు సార్లు బాగానే తట్టారు. తర్వాత వేళ్ల మధ్య ఎడం తగ్గుతూ వచ్చింది, మధ్యమధ్య ఆగింది. ఇలా తట్టేకొద్దీ కదలిక చిన్నదైపోవడమే అసలు గుర్తు. వణుకు ఎంత ఉన్నా ఈ మందకొడితనం లేకపోతే పార్కిన్సన్స్ లక్షణాలు ఉన్నాయని అనరు. తర్వాత మణికట్టు పట్టుకుని తిప్పితే చెయ్యి సాఫీగా తిరగకుండా పట్టిపట్టి వదులుతోంది. రెండు చేతులూ అంతే, కుడివైపు కాస్త ఎక్కువ. చేతులు ఒళ్లో పెట్టుకుని వంద నుంచి ఏడేసి చొప్పున తగ్గిస్తూ లెక్కపెట్టమన్నారు. లెక్కల మాస్టారు ఒక్కటీ తప్పలేదు. కానీ మనసు లెక్కలో ఉండగా కుడి చేతి వేళ్లు కదలడం మొదలైంది. ఇంట్లో టీవీ ముందు కనిపించినది ఆసుపత్రి గదిలోనూ బయటపడింది.

నడక మందగించడానికి ఇతర కారణాలూ ఉన్నాయి. పాదాలు నేలకు అతుక్కున్నట్టు నడుస్తూ, మూత్రం ఆపుకోలేక, మతిమరుపు కూడా వస్తే మెదడులో నీరు చేరిందేమో చూడాలి. చిన్నచిన్న పక్షవాతాలు వచ్చినవారికి నడుము కింది భాగమే ఎక్కువగా దెబ్బతింటుంది, చేతులకు వణుకు పెద్దగా ఉండదు. తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు నడక చెడితే లోపల రక్తం గూడుకట్టి ఉండవచ్చు. ఉత్తరంలో ‘పడలేదు, మతిమరుపు లేదు, మూత్రం ఆపుకోగలుగుతున్నారు’ అన్న మాటలు ఇక్కడ పనికొచ్చాయి. ఉన్నవాటితో పాటు లేనివి కూడా రాయడం వల్ల డాక్టరు వీటిని పక్కన పెట్టగలిగారు.

రెండు అట్టల ఫొటోలు

ఇక మందుల సంగతి. గ్యాస్ క్యాప్సూల్ ఫొటోను పెద్దది చేసి చూస్తే అందులో రెండు మందులు ఉన్నాయి. ఒకటి అసిడిటీ తగ్గించే రాబిప్రజోల్. రెండోది లెవోసల్పిరైడ్. రాత్రి వేసుకునే తలతిరుగుడు మాత్ర ఫ్లూనరిజిన్.

లెవోసల్పిరైడ్ కడుపు త్వరగా ఖాళీ అయ్యేలా చేస్తుంది, అందుకే ఉబ్బరానికి రాస్తారు. మన దేశంలో అసిడిటీ మందుతో కలిపి ఒకే క్యాప్సూల్‌గా దొరుకుతుంది. వాడేవారికి అది గ్యాస్ గోలీ మాత్రమే. అయితే అది మెదడులో డోపమిన్ పనికి అడ్డుపడే రకం మందు. మనం అనుకున్న కదలిక సాఫీగా, తగినంత పెద్దగా సాగడానికి మెదడులో డోపమిన్ అనే రసాయనం కావాలి. పార్కిన్సన్స్‌లో ఆ రసాయనం తయారుచేసే కణాలే కొన్నేళ్లపాటు చచ్చిపోతూ వస్తాయి. ఈ మందుల వల్ల కణాలు చావవు, డోపమిన్ కూడా తగ్గదు. అది వెళ్లి అందుకోవాల్సిన చోటును మందు ముందే ఆక్రమిస్తుంది. తాళంచెవి జేబులోనే ఉన్నా, తాళం కన్నంలో అగ్గిపుల్ల ఇరికితే తలుపు తెరుచుకోనట్టు. బయటికి కనిపించేది మాత్రం ఒకటే: వణుకు, బిగుతు, మందకొడి నడక.

వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, వాంతులకూ తలతిరుగుడుకూ వాడే ప్రోక్లోర్‌పెరజిన్ ఈ జాబితాలోవే. తలతిరుగుడు, మైగ్రేన్ మందుల్లో ఫ్లూనరిజిన్, సిన్నరిజిన్‌లకు కూడా ఈ గుణం ఉంది. మానసిక జబ్బులకు వాడే చాలా మందులకు ఉన్నదీ ఇదే గుణం. అక్కడ దాని అవసరం వేరు. పెద్ద వయసువారిలో, ఆడవారిలో ఈ ఇబ్బంది ఎక్కువ. మందు మొదలుపెట్టిన కొన్ని వారాల నుంచి కొన్ని నెలల లోపు లక్షణాలు కనబడతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలైన మాత్రలు, దీపావళి దాటాక వచ్చిన వణుకు. కూతురు నెలలు రాయబట్టే ఆ రెండూ పక్కపక్కన కనిపించాయి.

మందు వల్ల మనిషి ఇలా మందగించగలడన్నది పాత సంగతే, అసలు జబ్బు గుట్టు విప్పింది కూడా అదే. మన సర్పగంధి వేరు నుంచి తీసిన రిసర్పిన్‌ను 1950ల్లో బీపీకీ, మానసిక జబ్బులకూ వాడేవారు. వాడినవారిలో కొందరికి పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు వచ్చాయి. స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్లకు రిసర్పిన్ ఇస్తే అవి కదల్లేక పడి ఉన్నాయి. డోపమిన్‌గా మారే ఎల్-డోపా ఇవ్వగానే లేచి తిరిగాయి. కదలికకు డోపమిన్ అవసరమని అలా తేలింది. పార్కిన్సన్స్‌కు ఈనాటికీ ప్రధానమైన మందు లెవోడోపా ఆ దారిలో వచ్చిందే. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి లభించింది.

మందు వల్ల వచ్చినదాన్ని అసలు జబ్బు నుంచి వేరుచేసే గుర్తులు కొన్ని ఉన్నాయి, ఏ ఒక్కటీ పక్కా కాదు. అసలు జబ్బు ఎక్కువగా ఒకవైపు మొదలై, ఏడాదో రెండేళ్లో గడిచాక రెండోవైపుకు పాకుతుంది. మందు వల్ల వచ్చేది తరచూ రెండువైపులా దాదాపు ఒకేసారి, త్వరగా వస్తుంది. అసలు జబ్బులో వణుకు రావడానికి ఏళ్ల ముందే వాసన తెలియకపోవడం, మలబద్ధకం, కలలో కొట్లాడుతున్నట్టు చేతులు విసరడం, అరవడం మొదలవుతాయి. ఇంగువ తాలింపును హాల్లోంచి పసిగట్టడం ఈయనకు అనుకూలమైన సాక్ష్యం. అయినా మందు వల్ల వచ్చినది కొందరిలో ఒకవైపు ఎక్కువగా ఉండొచ్చు కాబట్టి, కుడివైపు వణుకు ఎక్కువ కదా అని డాక్టరు తొందరపడి తీర్పు చెప్పలేదు.

ఏం ఆపారు, ఏం మొదలుపెట్టలేదు

డాక్టరు ఆ రెండు మందులూ ఆపించారు. ఉబ్బరానికి రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా ముగించమని, అసిడిటీ మందు ఒక్కటే కొద్ది రోజులు చాలని చెప్పారు. తలతిరుగుడు గురించి అడిగితే అది అక్టోబరులోనే పోయిందని, మాత్ర మాత్రం అలవాటుగా సాగుతోందని తేలింది. థైరాయిడ్ పరీక్ష చేయిస్తే మామూలుగా ఉంది.

ఆయన మొదలుపెట్టనివి కూడా చెప్పుకోవాలి. వణుకు తగ్గిస్తుందని ట్రైహెక్సిఫెనిడిల్ అనే మాత్ర రాయడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. 68 ఏళ్ల మనిషికి దానివల్ల తికమక, మతిమరుపు, మలబద్ధకం, మూత్రం బిగుసుకుపోవడం రావచ్చు. ఒక మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు, దాని ఇబ్బందికి మూడోది అన్న వరుస అక్కడే మొదలవుతుంది. లెవోడోపా కూడా ఇవ్వలేదు. ఇస్తే, మందు ఆపినందుకు మెరుగైందో, కొత్త మందు వల్ల మెరుగైందో తెలియకుండా పోయేది. ఎంఆర్ఐ కూడా అప్పుడే చేయించలేదు. పార్కిన్సన్స్‌లో మామూలు ఎంఆర్ఐ చాలావరకు తేడా చూపదు. వేరే కారణం మీద అనుమానం ఉన్నప్పుడు దాని అవసరం ఉంటుంది.

ఎన్నాళ్లకు తగ్గుతుందని కూతురు అడిగింది. వారంలో తగ్గదని డాక్టరు ముందే చెప్పారు. ఫ్లూనరిజిన్ శరీరంలో చాలాకాలం నిలుస్తుంది, మోతాదు సగానికి తగ్గడానికే దాదాపు రెండున్నర వారాలు పడుతుంది. పూర్తిగా కోలుకోవడానికి కొన్ని వారాల నుంచి ఆరు నెలల దాకా, కొందరికి అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. ఆ మధ్యకాలంలో మాస్టారు పడకుండా చూసుకోవడం ముఖ్యం. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించారు. తిరిగేటప్పుడు ఉన్నచోటే గిర్రున తిరగకుండా, గుండ్రంగా నాలుగడుగులు నడిచి తిరగమని నేర్పారు.

నెల తర్వాత తల్లి ఫోన్లో చెప్పినదాని ప్రకారం గుండీలు త్వరగా పెట్టుకుంటున్నారు, వణుకు అలాగే ఉంది. మూడో నెలలో చెప్పుల చప్పుడు ఆగింది. గుడికి పన్నెండు నిమిషాల్లో చేరుతున్నారు. ఐదో నెల చివరికి టీవీ ముందు కూడా చెయ్యి కదలడం లేదు. ఆరో నెలలో డాక్టరు మళ్లీ వేళ్లు తట్టించి, నడిపించి చూస్తే రెండువైపులా సమానంగా ఉంది. వైద్యం ఫైలు మొదటి పేజీలో లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, ఫ్లూనరిజిన్, సిన్నరిజిన్ ఈయనకు రాయకూడదని ఎర్ర సిరాతో రాశారు. మరుసటిసారి కళ్లు తిరిగితే ఏ ఊళ్లో, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ముందు చూపించాల్సిన పేజీ అది. ఏడాదికోసారి వచ్చి నడక చూపించుకోమని కూడా చెప్పారు.

అందరికీ ఇలాగే జరగదు

మందులు ఆపిన తర్వాత కూడా కొందరికి లక్షణాలు పోవు, లేదా తగ్గి, కొంతకాలానికి తిరిగి వస్తాయి. వారిలో అసలు జబ్బు లోలోపల అప్పటికే ఉంటుంది, మందు దాన్ని ముందుగా బయటపెడుతుంది. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, ఒకవైపే ముదురుతుంటే, వాసన తెలియకపోతే న్యూరాలజిస్టు చూడాలి. డోపమిన్ కణాలు బాగున్నాయో లేదో చూపే ప్రత్యేక స్కానింగు పెద్ద నగరాల్లో ఉంది. మందు వల్ల వచ్చినదైతే ఆ స్కాను మామూలుగా ఉంటుంది. మొదటి ఏడాదిలోనే పదేపదే పడిపోతున్నా, నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు చీకట్లు కమ్ముతున్నా అది మామూలు పార్కిన్సన్స్ కాకపోవచ్చు, ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 40 ఏళ్ల లోపువారికి ఇలాంటి వణుకు వస్తే, ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్స్ జబ్బు ఉందేమో తప్పక పరీక్షిస్తారు.

ఉత్తరం రాసే తీరిక లేని సందర్భమూ ఉంది. ఉదయం బాగున్న మనిషికి ఉన్నట్టుండి ఒక చెయ్యి, కాలు పట్టుతప్పినా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఈ కథ చదివి ఇంట్లో మాత్రలు సొంతంగా ఆపేయడం మాత్రం ప్రమాదం. గ్యాస్ గోలీ ఆపితే పోయేదేమీ ఉండకపోవచ్చు గానీ, మానసిక జబ్బుకు వాడుతున్న మందు హఠాత్తుగా ఆపితే ఆ జబ్బు తిరగబెడుతుంది. అక్కడ మోతాదు తగ్గించాలా, వేరే మందుకు మార్చాలా అన్నది ఆ వైద్యుడు తేల్చాలి.

అసలు జబ్బేనని తేలినవారికి లెవోడోపా మీద నడక, చేతిపని బాగా మెరుగవుతాయి. అప్పుడు ఇంటివాళ్లు రాయాల్సిన వివరాలు మారతాయి. మాత్ర ఎన్నింటికి వేశారు, ఎంతసేపటికి నడక తేలికైంది, ఎన్నింటికి మళ్లీ బిగుసుకుంది, మధ్యలో ఒళ్లు మెలికలు తిరిగిందా అన్నవి గంటల వారీగా కావాలి. భోజనం వేళ కూడా రాయాలి. పప్పు, గుడ్డు, మాంసం వంటి మాంసకృత్తులతో కలిసి వెళితే లెవోడోపా సరిగా ఒంటబట్టదు. అందుకే భోజనానికి కనీసం అరగంట ముందు వేసుకోమంటారు. ఇలా రాసిన మూడు రోజుల పట్టిక చూసి, మోతాదు పెంచాలా, అదే మోతాదును ఎక్కువసార్లుగా పంచాలా అన్నది న్యూరాలజిస్టు నిర్ణయిస్తారు.